ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో సమీక్షలు, రేటింగులు: ర్యాంకింగుపై ప్రభావం, నిజాయితీగా సేకరించే పద్ధతులు

ఆన్‌లైన్‌లో ఒక వస్తువు కొన్నవారు దానికి 1 నుంచి 5 వరకు ఇచ్చే స్టార్లను రేటింగు అంటారు. దాని గురించి మాటల్లో రాసే అభిప్రాయం సమీక్ష, వాడుకలో రివ్యూ. కొనుగోలుదారు ఏదైనా వెతికినప్పుడు వేలాది వస్తువుల్లో ఏది ముందు కనిపించాలో, ఏది ఏడో పేజీకి పోవాలో తేల్చే వరుస ర్యాంకింగు. అమెజాన్ 1995లో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచే పాఠకుల సమీక్షలకు చోటిచ్చింది. ఇప్పుడు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికలన్నిటిలోనూ స్టార్లు లేని వస్తువు పేజీ అరుదు.

స్టార్లు పెరిగితే ర్యాంకు నేరుగా పెరుగుతుందని చాలామంది అమ్మకందారులు నమ్ముతారు. స్టార్లు కొనే దురలవాటుకు మూలం ఆ నమ్మకమే. అసలు ప్రభావం ఎక్కువగా మరో దారిలో పడుతుంది. స్టార్లను చూసి కొనుగోలుదారు ఏం చేశాడు, కొన్న తర్వాత ఏమయింది అన్నవే ర్యాంకును పైకి లేపడమో కిందికి దించడమో చేస్తాయి. ఆ దారి తెలిస్తే నిజమైన సమీక్షలు ఎందుకు నిలుస్తాయో, నకిలీవి ఎందుకు ఎదురుతిరుగుతాయో తెలుస్తుంది. ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా భారతదేశంలోని అమెజాన్‌కు సంబంధించినవి. సూత్రాలు మాత్రం ఇతర వేదికలకూ చాలావరకు వర్తిస్తాయి.

## కనిపించే అంకె వెనుక లెక్క

వస్తువు పేరు కింద కనిపించే 4.2 వంటి అంకె వచ్చిన స్టార్లన్నిటినీ కూడి భాగించిన మామూలు సగటు అయి ఉండాలని లేదు. అమెజాన్ 2015 నుంచి సాదా సగటును వదిలేసింది. రేటింగు ఎంత కొత్తది, ఇచ్చినవారు ఆ వస్తువును అక్కడే కొన్నారా వంటి విషయాలను బట్టి ఒక్కో రేటింగుకు ఒక్కో బరువు ఇస్తుంది. అక్కడే కొన్నట్టు తేలిన సమీక్ష మీద అమెజాన్‌లో ‘వెరిఫైడ్ పర్చేజ్’ అనీ, ఫ్లిప్‌కార్ట్‌లో ‘సర్టిఫైడ్ బయర్’ అనీ గుర్తు పడుతుంది. 2019 నుంచి అమెజాన్ మాటలు రాయకుండా ఒక్క నొక్కుతో స్టార్లు మాత్రమే ఇచ్చే వీలు కల్పించింది. అందుకే రేటింగుల సంఖ్యకూ, రాసిన సమీక్షల సంఖ్యకూ మధ్య పెద్ద తేడా కనిపిస్తుంది.

సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు సగటు మోసం చేస్తుంది. నలుగురు మాత్రమే 5 స్టార్లు ఇచ్చిన వస్తువు, 200 మంది కలిసి 4.4 తేల్చిన వస్తువు కంటే మంచిదని చెప్పలేం. ఈ చిక్కుకు గణాంకశాస్త్రంలో ఒక పరిష్కారం ఉంది. ప్రతి వస్తువుకూ మొదటే కొన్ని ఊహా రేటింగులను జత చేసి లెక్క మొదలుపెడతారు. దీన్ని బేసియన్ సగటు అంటారు. సినిమాలకు రేటింగులిచ్చే ఐఎమ్‌డీబీ తన ఉత్తమ చిత్రాల జాబితాకు ఇలాంటి సూత్రాన్ని వాడినట్టు బహిరంగంగానే ప్రకటించింది.

ఊహా రేటింగులు 20 అనీ, ఒక్కొక్కటి 4 స్టార్లనీ అనుకుందాం.

```
మొదటి వస్తువు:  (20×4 + 4×5) / 24      = 4.17
రెండో వస్తువు:  (20×4 + 200×4.4) / 220 = 4.36
```

నలుగురు మాత్రమే 5 స్టార్లు ఇచ్చిన వస్తువు వెనక్కి తగ్గింది, 200 మంది మెచ్చింది ముందుకు వచ్చింది. మార్కెట్‌ప్లేస్‌లు మాత్రం తాము వాడే సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టవు. తక్కువ సంఖ్యలో ఉన్న రేటింగులను పూర్తిగా నమ్మకూడదన్న సూత్రం అయితే ర్యాంకింగు పద్ధతుల్లో విస్తృతంగా కనిపిస్తుంది. మొదటి 10 రేటింగులు 5 స్టార్లే కావాలని తాపత్రయపడే అమ్మకందారు దీన్ని గుర్తుంచుకోవాలి.

చెడు రేటింగు బరువు కూడా లెక్కలోనే తెలుస్తుంది. సగటును 4.5 దగ్గర నిలపాలంటే ఒక్క 1 స్టారుకు బదులుగా ఏడు 5 స్టార్లు రావాలి. ఒకటికి ఏడు అయిదులు కలిపితే 36, దాన్ని ఎనిమిదితో భాగిస్తే 4.5. కాబట్టి ఒక లోపాన్ని సరిచేసి ఒక్క అసంతృప్తిని నివారించడం, తృప్తి చెందిన ఏడుగురిని వెతికి బతిమాలడం కంటే సులువైన పని.

## స్టార్ల నుంచి ర్యాంకు దాకా

కొనుగోలుదారు ‘ఆవకాయ’ అని టైపు చేయగానే వేదిక ముందుగా ఆ మాటకు సరిపడే వస్తువులను ఏరుతుంది. ఈ దశలో పేరు, వివరణ, వర్గం ముఖ్యం, స్టార్లకు పెద్దగా పని లేదు. ఏరినవాటిని వరుసలో పెట్టేటప్పుడు మాత్రం వీటిలో ఎవరు ఏది కొనే అవకాశం ఎక్కువ అన్నది ప్రశ్న అవుతుంది. ఇటీవలి అమ్మకాలు, కనిపించినప్పుడు ఎంతమంది నొక్కారు, నొక్కినవారిలో ఎంతమంది కొన్నారు, ధర, సరుకు నిల్వ, చేరవేత వేగం, వాపసులు ఇక్కడ లెక్కకు వస్తాయి.

రేటింగు ఈ గొలుసులో రెండు చోట్ల పనిచేస్తుంది. జాబితాలో చిన్న బొమ్మ పక్కన కనిపించే స్టార్లు, రేటింగుల సంఖ్య చూసి కొనుగోలుదారు ఆగుతాడు లేదా దాటిపోతాడు. పేజీ తెరిచాక సమీక్షలు చదివి కొంటాడు లేదా వెనక్కి పోతాడు. ఈ రెండు నిర్ణయాలూ వేదికకు సంకేతాలుగా చేరతాయి. అలా పెరిగిన అమ్మకాలు ర్యాంకును పెంచుతాయి, పెరిగిన ర్యాంకు మరింతమందికి చూపుతుంది, వారిలో కొందరు మళ్లీ రేటింగు ఇస్తారు. మంచి వస్తువుకు ఈ చక్రం ఎంత మేలు చేస్తుందో లోపమున్న వస్తువుకు అంత కీడు చేస్తుంది.

ఒక చోట మాత్రం రేటింగు గేటులా అడ్డుపడుతుంది. అమెజాన్‌లో ‘4 స్టార్లు, ఆపైన’ అనే వడపోత ఉంది. దాన్ని ఎంచుకున్న కొనుగోలుదారుకు 3.9 ఉన్న వస్తువు అసలు కనిపించదు. 4.4 నుంచి 4.5కు ఎదగడం కంటే 3.9 నుంచి 4.0కు ఎదగడం చాలా విలువైనది కావడానికి ఇదొక కారణం.

రేటింగు కొనుగోళ్లను కదిలిస్తుందనడానికి పరిశోధనల ఆధారముంది. జూడిత్ షెవలియర్, దీనా మేజ్లిన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో అమెజాన్, బార్న్స్ అండ్ నోబుల్ సైట్లలోని పుస్తకాలను పోల్చారు. మెరుగైన సమీక్షలు అమ్మకాలను పెంచుతాయనీ, 1 స్టారు సమీక్ష చేసే నష్టం 5 స్టార్ల సమీక్ష చేసే మేలు కంటే ఎక్కువనీ అందులో తేలింది. మైకేల్ లూకా 2011లో అమెరికా సియాటిల్ నగర రెస్టారెంట్లపై చేసిన అధ్యయనం ప్రకారం యెల్ప్ సైట్‌లో ఒక స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. పేరున్న గొలుసు హోటళ్లకు ఈ ప్రభావం కనిపించలేదు, స్వతంత్ర హోటళ్లకే కనిపించింది. బ్రాండు పేరు లేని చిన్న అమ్మకందారుకు సమీక్షలే పేరు అన్నమాట.

## నకిలీ సమీక్షలు ఎలా ఎదురుతిరుగుతాయి

నకిలీ సమీక్షల బేరం సాధారణంగా ఫేస్‌బుక్, టెలిగ్రామ్, వాట్సాప్ గుంపుల్లో సాగుతుంది. గుంపులో చేరినవారు వస్తువును మామూలుగానే కొంటారు, 5 స్టార్లు ఇస్తారు, సమీక్ష స్క్రీన్‌షాట్ పంపుతారు. అమ్మకందారు వారికి డబ్బు వేరే దారిలో తిరిగి ఇచ్చేస్తాడు. కొనుగోలు నిజంగా జరిగింది కాబట్టి ‘వెరిఫైడ్ పర్చేజ్’ గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఒక్కటే నిజాయితీకి రుజువు కాకపోవడానికి ఇదే కారణం. 10,000కు పైగా ఫేస్‌బుక్ గుంపుల నిర్వాహకులపై అమెజాన్ 2022 జులైలో దావా వేసింది.

షెర్రీ హె, బ్రెట్ హాలన్‌బెక్, డావిడె ప్రొసెర్పియో ఇలాంటి ఫేస్‌బుక్ గుంపులను నెలల తరబడి గమనించి, అక్కడ సమీక్షలు కొన్న దాదాపు 1,500 వస్తువులు ఆ తర్వాత ఏమయ్యాయో 2022లో ప్రచురించారు. కొనుగోలు సాగినన్ని రోజులూ రేటింగు, సమీక్షల సంఖ్య, అమ్మకాల ర్యాంకు పెరిగాయి. అది ఆగగానే సగటు పడిపోయింది, 1 స్టారు సమీక్షల వాటా పెరిగింది. నకిలీ స్టార్లను నమ్మి కొన్న అసలు కొనుగోలుదారుల కోపం ఆ 1 స్టార్లలో ఉంది. వేదిక నకిలీ సమీక్షల్లో చాలావాటిని తొలగించినా, ఆలస్యంగా తొలగించింది. ఈలోపు మోసపోయినవారు మోసపోయారు, నిజాయితీగా అమ్మేవారి వస్తువులు వెనక్కి పోయాయి.

మరికొన్ని తప్పులు నకిలీలా కనిపించవు, అందుకే తెలియక చేసేవారు ఎక్కువ. మేనత్త కొడుకుతో, తోడికోడలితో, దుకాణంలో పనిచేసేవారితో సమీక్ష రాయించడం అందులో మొదటిది. బంధువులు, ఉద్యోగుల సమీక్షలను అమెజాన్ నియమాలు నిషేధిస్తాయి. వాళ్లు నిజంగానే కొని, నిజంగానే మెచ్చుకున్నా అది చెల్లదు. రెండోది, పాత వస్తువుకు వచ్చిన సమీక్షలను కొత్త వస్తువు పేజీకి అతికించడం. వేర్వేరు వస్తువులను ఒకే వస్తువులోని రకాలుగా చూపి స్టార్లను పంచుకోవడం ఈ కోవలోదే. ఇలా చేసిన బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 6 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. మూడోది వడపోసి అడగడం. నచ్చినవారిని స్టార్లు ఇవ్వమనీ, నచ్చనివారిని వాట్సాప్ చేయమనీ కోరడం ఇందులోకి వస్తుంది. ఒక్క అబద్ధం కూడా రాయించకపోయినా, మొత్తంగా కనిపించే చిత్రం అబద్ధమవుతుంది.

నకిలీలను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. నెలల తరబడి ఏమీ లేకుండా రెండు మూడు రోజుల్లో కుప్పగా వచ్చిన 5 స్టార్లు, వస్తువు వాడకం గురించి ఒక్క వివరమూ లేని పొగడ్త, 5 స్టార్లూ 1 స్టార్లూ ఎక్కువై మధ్యలో ఖాళీ ఉండటం అనుమానించదగ్గవి. మూడో ఆనవాలు ఒంటరిగా చాలదు. బాగా నచ్చినవారూ బాగా మండినవారే ఎక్కువగా రాస్తారు కాబట్టి నిజాయితీగల వస్తువుల్లోనూ మధ్య స్టార్లు తక్కువే. సమీక్షల తేదీలను వరుసగా చూసి, పాతవాటినీ కొత్తవాటినీ పోల్చడం మేలైన పరీక్ష.

## భారతదేశంలో నియమాలు

వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు 2020 జులైలో అమల్లోకి వచ్చాయి. అమ్మకందారు తానే వినియోగదారుడినని చెప్పుకుంటూ సమీక్షలు రాయడాన్ని అవి నిషేధించాయి. ర్యాంకింగును నిర్ణయించే ముఖ్యమైన అంశాలేమిటో, వాటిలో దేని ప్రాధాన్యం ఎంతో సులభమైన భాషలో అందరికీ కనిపించేలా వివరించాలని మార్కెట్‌ప్లేస్‌లను ఆదేశించాయి. ఆ వివరణ ప్రతి అమ్మకందారూ చదవదగ్గది.

2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షల కోసం IS 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చింది. సమీక్ష రాసినవారు నిజమైన వ్యక్తులేనా అని ఈమెయిల్, ఫోను, ఎస్సెమ్మెస్ వంటి మార్గాల్లో సరిచూడాలని, కొన్న సమీక్షలనూ, డబ్బిచ్చి రాయించినవాటినీ ప్రచురించరాదని ఇది చెబుతుంది. స్వచ్ఛందంగా పాటించే ప్రమాణంగా దీన్ని ప్రకటించారు. మోసపోయామనుకునే కొనుగోలుదారులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

## నిజమైన సమీక్షలు అడిగే పద్ధతి

కొన్నవారిలో అధికశాతం ఏమీ రాయరు. కాబట్టి అడగడం తప్పు కాదు. అందరినీ, ఒకే మాటతో, ఏ ఆశా చూపకుండా అడగడమే నిజాయితీ. వడపోసి అడగడంలోని తప్పు ఇక్కడ ఉండదు, ఎందుకంటే మండినవారికీ అదే విన్నపం చేరుతుంది.

అమెజాన్‌లో అమ్మకందారు ఖాతాలో ఆర్డరు వివరాలు తెరిస్తే ‘రిక్వెస్ట్ ఎ రివ్యూ’ బటన్ ఉంటుంది. వస్తువు చేరిన 5వ రోజు నుంచి 30వ రోజు వరకు ఒక్కో ఆర్డరుకు ఒక్కసారి దీన్ని నొక్కవచ్చు. వస్తువుపై సమీక్షనూ అమ్మకందారు సేవపై అభిప్రాయాన్నీ కోరుతూ అమెజానే తన మాటల్లో కొనుగోలుదారుకు సందేశం పంపుతుంది. మాటలు అమ్మకందారు చేతిలో లేకపోవడమే దీనిలోని బలం. ఏ రోజు అడగాలన్నది వస్తువును బట్టి ఉంటుంది. ఫోను కవరు గురించి 5వ రోజునే అడగవచ్చు. ఉతికితే రంగు పోతుందో లేదో తేలాల్సిన చీరకు రెండు వారాలు ఆగితే వచ్చే సమీక్ష తర్వాతి కొనుగోలుదారుకు ఎక్కువ పనికొస్తుంది.

పెట్టెలో చీటీ పెట్టాలనుకుంటే మాట తటస్థంగా ఉండాలి. ‘మా ఆవకాయ మీకు ఎలా అనిపించిందో, బాగున్నా బాగోలేకున్నా, కొన్నచోటే రాయండి’ అంటే సరిపోతుంది. ‘5 స్టార్లు ఇస్తే 50 రూపాయలు మీ ఖాతాలో’ అన్న చీటీ నియమానికి విరుద్ధం. ‘మాది చిన్న కుటుంబం, మీ 5 స్టార్లే మాకు బతుకు’ అన్నదీ తప్పే, అది తీర్పును జాలితో వంచుతుంది. డిస్కౌంట్లు, ఉచిత వస్తువులు ఇచ్చి సమీక్షలు రాయించడాన్ని అమెజాన్ 2016 అక్టోబరులో నిషేధించింది. దానికి మినహాయింపు అమెజాన్ సొంత వైన్ కార్యక్రమం. ఇందులో సమీక్షకులను అమెజాన్ ఎంచుకుంటుంది, వస్తువు ఉచితంగా అందుతుంది, ఆ విషయం సమీక్ష మీద కనిపిస్తుంది, రాసేది మంచో చెడో అమ్మకందారుకు అదుపు ఉండదు. వస్తువు మీద గట్టి నమ్మకం ఉన్నవారే ఇందులో దిగాలి.

తెలుగులో రాసే వీలు గురించి కూడా కొనుగోలుదారుకు చెప్పవచ్చు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ 2020లో తమ యాప్‌లను తెలుగులో అందించాయి. ఇంగ్లిషులో ‘గుడ్’ అని ఒక్క మాట రాసి ఊరుకునే గృహిణి తెలుగులో ఉప్పు ఎంత, కారం ఎంత, ముక్క మెత్తబడిందా అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పగలదు. తెలుగు కొనుగోలుదారుకు కావలసింది ఆ నాలుగు వాక్యాలే.

## ఒక ఉదాహరణ

గుంటూరు నుంచి అరకిలో సీసాల్లో ఆవకాయ అమ్మే ఒక కుటుంబాన్ని ఊహిద్దాం. ఎవరినీ సమీక్ష అడగకుండా 600 ఆర్డర్లు పంపారు, 24 రేటింగులు వచ్చాయి. అందులో 5 స్టార్లు 14, 4 స్టార్లు 3, 3 స్టార్లు 1, 2 స్టార్లు 1, 1 స్టారు 5. మొత్తం 92 స్టార్లు, సాదా సగటు 3.83. ‘4 స్టార్లు, ఆపైన’ వడపోతలో ఈ సీసా కనిపించదు.

ఇక్కడ 5 స్టార్ల కోసం పరుగెత్తకుండా, తక్కువ స్టార్లు ఇచ్చిన ఏడుగురు ఏం రాశారో ఒక కాగితం మీద వేసుకోవాలి. నలుగురు నూనె కారి పెట్టె తడిసిందన్నారు. ఒకరు ఉప్పెక్కువ అన్నారు, ఒకరు ఆలస్యంగా వచ్చిందన్నారు, ఒకరు ఏమీ రాయలేదు. రుచి మీద ఫిర్యాదు ఒక్కటే. జబ్బు సీసా మూత దగ్గర ఉంది. నిండుగా నింపిన సీసా లారీలో అడ్డంగా పడితే నూనె మర వెంట బయటికి వస్తుంది. మూత ఎంత బిగించినా అది ఆగదు.

వారు మూడు మార్పులు చేశారనుకుందాం. సీసా మూతి దగ్గర కొంచెం ఖాళీ వదిలారు. మూత కింద మూతిని అంటుకునే అల్యూమినియం రేకు సీలు వేయించారు. సీసాను జిప్ సంచిలో పెట్టి, నిలబడేలా అట్టపెట్టెలో బిగించారు. సీసాను ఒక రాత్రంతా తలకిందులుగా కాగితం మీద పెట్టి, మరక పడకపోతేనే పంపారు. అప్పుడు తర్వాతి 400 ఆర్డర్లకు 10వ రోజున, ఏ ఒక్కరినీ వదలకుండా, ‘రిక్వెస్ట్ ఎ రివ్యూ’ నొక్కారు.

కొత్తగా 26 రేటింగులు వచ్చాయి: 5 స్టార్లు 19, 4 స్టార్లు 5, 3 స్టార్లు 1, 1 స్టారు 1. ఇవి 119 స్టార్లు, వీటి సగటు 4.58. పాతవాటితో కలిపితే 50 రేటింగులకు 211 స్టార్లు, సగటు 4.22. గేటు తెరుచుకుంది. కొత్త రేటింగులకు వేదిక ఎక్కువ బరువు ఇస్తే కనిపించే అంకె ఇంకొంచెం ఎక్కువగానే ఉండవచ్చు. ముందే అడగడం మొదలుపెట్టి ఉంటే, కారే సీసాల గురించిన ఫిర్యాదులే ఎక్కువగా పోగయ్యేవి. అందుకే ముందు సరుకు, తర్వాత విన్నపం.

పాత 1 స్టారు సమీక్షల విషయంలో చేయదగినదీ చేయకూడనిదీ ఉన్నాయి. వేదిక అనుమతించిన దారిలో కొనుగోలుదారును పలకరించి డబ్బు వాపసు ఇవ్వవచ్చు, మరో సీసా పంపవచ్చు. సమీక్ష మార్చమనో తీసేయమనో అడగకూడదు, వాపసును దానికి ముడిపెట్టకూడదు. బూతులున్నా, వేరే వస్తువు గురించి రాసినా, వేదికకు నివేదించవచ్చు. ఘాటుగా ఉందన్నది నివేదించడానికి కారణం కాదు.

## పరిమితులు

సమీక్షలు రాసేవారు కొన్నవారందరికీ ప్రతినిధులు కారు. 600 ఆర్డర్లకు 24 రేటింగులంటే, మిగతా 576 మంది ఏమనుకున్నారో ఆ అంకె చెప్పదు. అందుకని వాపసుల్లో కొనుగోలుదారులు ఎంచుకున్న కారణాలను, సమీక్షల్లోని ఫిర్యాదులను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ ఒకే మాట వినిపిస్తే లోపం ఖాయం. సమీక్షల్లో ఒక్కరే చెప్పి, వాపసుల్లో ఎవరూ చెప్పకపోతే మరికొన్ని వారాలు గమనించవచ్చు.

ర్యాంకు అంతా సమీక్షల చేతిలో లేదు. సరుకు నిల్వ అయిపోయినా, ధర పోటీదారుల కంటే బాగా పెరిగినా, 4.5 ఉన్న వస్తువూ కిందికి పోతుంది. అప్పుడు మరిన్ని సమీక్షలు అడిగి ప్రయోజనం లేదు. పేజీ చూసినవారి సంఖ్య నిలకడగా ఉండి కొనేవారి శాతం పడిపోతుంటే ముందు ధర, ఇటీవలి సమీక్షలు చూడాలి. చూసేవారే తగ్గితే పేరు, వివరణ, నిల్వ, ప్రకటనలు చూడాలి. ఈ రెండింటినీ కలగలిపి చూసే అమ్మకందారుకే స్టార్లు కొనాలన్న ఆలోచన తొందరగా వస్తుంది. విడివిడిగా చూసేవారికి ఎక్కువసార్లు ఏదో ఒక సీసా మూత దొరుకుతుంది.